"అవతారమెత్తాడు" అని రాస్తే సంఘ పెద్ద కొట్టేశారు. ఆ మాటలో తప్పేముంది?

సింగరాయకొండ కుర్రోడు · డిసెంబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా చర్చిలో ఈసారి క్రిస్మస్‌కి పిల్లల నాటకం రాసే పని నాకిచ్చారు. మొదటి సీన్‌లో దేవదూత చెప్పే డైలాగ్ ఇలా రాశాను: "లోకాన్ని రక్షించడానికి దేవుడే అవతారమెత్తి వస్తున్నాడు." స్క్రిప్టు చూసిన సంఘ పెద్ద ఒకాయన "అవతారమెత్తి" అన్న మాటని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన "మానవ రూపంలో" అని రాశారు. ఎందుకండీ అని అడిగితే "అది మన మాట కాదు బాబూ" అన్నారు. అంతకంటే చెప్పలేదు.

మా ఇల్లు వరాహ నరసింహస్వామి కొండకి దగ్గర్లోనే. చిన్నప్పటి నుంచి ఆ ఉత్సవాల మైకులో వినీ వినీ అవతారం అన్న మాట నా నోట్లో నానిపోయింది. దేవుడు మనిషిగా రావడాన్ని తెలుగులో ఇంకెట్టా చెప్తాం? నాటకానికి లైట్లు కట్టే నా ఫ్రెండ్ హిందువే. వాడు కూడా "అదే కదరా అర్థం, ఎందుకు కొట్టేశారు" అన్నాడు. నాకు గొడవ పెట్టుకోవాలని లేదు. నిజంగా తేడా ఉంటే అదేంటో తెలుసుకుని రాయాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆత్మకూరు వేణు · డిసెంబర్ 3, రాత్రి 10:15

తేడా చాలా సింపుల్ తమ్ముడూ. మన హిందువులకి అవతారాలు పది, క్రైస్తవులకి ఒక్కటే. రెండోది, మన దగ్గర అవతారం అంటే వేషం లాంటిది. దేవుడు లీల కోసం ఒక శరీరం వేసుకుంటాడు, పని అయ్యాక తీసేస్తాడు. ఆకలి, బాధ ఇవన్నీ పైకి కనిపించేవే. క్రైస్తవంలో నిజమైన రక్తమాంసాలు, నిజమైన బాధ. అంతే.

కనిగిరి సుబ్బులు · డిసెంబర్ 4, ఉదయం 6:30

ఏ మాట వాడితే ఏముంది నాయనా. దేవుడొక్కడే. పండగ పూట పెద్దాయనతో వాదన పెట్టుకోవద్దు, ఆయన చెప్పినట్టే రాసేయ్.

సింగరాయకొండ కుర్రోడు · డిసెంబర్ 4, ఉదయం 7:05

వాదన పెట్టుకోను సుబ్బులు బాబాయ్. ఆయన చెప్పినట్టే రాస్తాను కూడా. కానీ కొట్టేసిన మాటకీ పైన రాసిన మాటకీ తేడా నాకు అర్థం కావాలి కదా. రేపు పిల్లలు అడిగితే నేనేం చెప్పాలి?

పెన్నగట్టు మాస్టారు · డిసెంబర్ 4, మధ్యాహ్నం 2:20

బాబూ, నేను నెల్లూరులో సంస్కృతం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినవైపు నుంచి చెప్తాను. ముందు వేణుగారి మాటలో సగం సరిచేయాలి.

అవతారం అంటే దిగిరావడం. పై నుంచి కిందికి దిగడం, అంతవరకే ఆ మాటకి అర్థం. దిగివచ్చినవాడి శరీరం ఎలాంటిది అన్నది ఆ మాట చెప్పదు. చిత్రం ఏమిటంటే, అందరూ అవతారం గురించి చెప్పడానికి ఎత్తే గీత నాలుగో అధ్యాయంలో అవతారం అన్న మాటే లేదు. ఆ అధ్యాయంలోనే కాదు, గీత మొత్తంలో లేదు. కృష్ణుడు "సంభవామి" అంటాడు, "ఆత్మానం సృజామి" అంటాడు. పుడుతున్నాను, నన్ను నేను సృష్టించుకుంటున్నాను అని.

అందరికీ నోటికొచ్చిన "యదా యదా హి" శ్లోకం ఏడోది. అసలు కీలకం దాని ముందున్న ఆరో శ్లోకంలో ఉంది. "అజోఽపి సన్నవ్యయాత్మా భూతానామీశ్వరోఽపి సన్, ప్రకృతిం స్వామధిష్ఠాయ సంభవామ్యాత్మమాయయా." పుట్టుక లేనివాణ్ణే అయినా, నా ప్రకృతిని నా చేతిలో ఉంచుకుని, నా మాయతో పుడతాను అంటున్నాడు. ఇక్కడే మన ఆచార్యులు విడిపోయారు. శంకరులు దీనికి భాష్యం రాస్తూ "దేహవానివ", "జాత ఇవ" అన్నారు. దేహం ఉన్నవాడిలా, పుట్టినవాడిలా. ఆ "ఇవ" అన్న చిన్న మాట చూడండి. వేణుగారు వేషం అన్నది దీనికి దగ్గర.

రామానుజులు ఒప్పుకోరు. శరీరం నిజమే అంటారు. కాకపోతే మీకూ నాకూ ఉన్నట్టు కర్మవల్ల వచ్చిన శరీరం కాదు, ఈ పంచభూతాల మట్టితో చేసినది కాదు. తన ఇష్టంతో, తన దివ్యద్రవ్యంతోనే చేసుకున్న శరీరం. కాబట్టి "హిందువులకి అవతారం అంటే వేషం" అని ఒక్క మాటలో తేల్చేస్తే, మన తల్పగిరి రంగనాథస్వామి గుడిలో సేవ చేసే వైష్ణవుల్లో ఒక్కరూ తల ఊపరు.

ఇక పది అంటారా? భాగవతం మొదటి స్కంధంలోనే "అవతారా హ్యసంఖ్యేయాః" అని ఉంది. లెక్కలేనన్ని. పది అన్నది మనం గుర్తుకోసం పెట్టుకున్న వరస.

ఒంగోలు గ్రేస్ టీచర్ · డిసెంబర్ 4, రాత్రి 8:50

మాస్టారు గారికి వందనాలు. తమ్ముడూ, నేను ప్రార్థన కొండకి దగ్గర్లోనే ఉంటాను. మూడు తరాలుగా మాది బాప్టిస్టు కుటుంబం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, ఆ కథ వింటూ పెరిగినదాన్ని. అంతమందికి ఈ సంగతి ఏ తెలుగు మాటలో చెప్పి ఉంటారా అని నేను చాలాసార్లు ఆలోచించాను. అందుకే నీ ప్రశ్న చూడగానే ఆగిపోయాను.

మీ సంఘ పెద్ద భయం నాకు అర్థమైంది. కానీ ఆయన పైన రాసిన మాటే ఎక్కువ ఇబ్బంది. "మానవ రూపంలో వచ్చాడు" అంటే లోపల మనిషి కాదు, పైకి మనిషిలా ఉన్నాడు అన్న అర్థం వస్తుంది. మన తెలుగులో "ఆ డాక్టరు దేవుడి రూపంలో వచ్చాడు" అంటాం. అంటే డాక్టరు దేవుడని కాదు కదా. అలాగే ఇదీ.

సంఘం మొట్టమొదట కొట్లాడింది సరిగ్గా ఈ మాట మీదే. క్రీస్తు దేవుడే గానీ శరీరం మాత్రం ఉన్నట్టు కనిపించింది, సిలువమీద బాధ కూడా కనిపించిందే అనేవాళ్లు తొలి రోజుల్లోనే బయలుదేరారు. యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయం చదువు. "యేసుక్రీస్తు శరీరధారియై వచ్చెనని" ఒప్పుకునే ఆత్మే దేవునిది అని గీత గీసి చెప్పాడు. ఆయన దేవుడు అని ఒప్పుకోనివాళ్ల గురించి కాదు ఆ గీత. ఆయన మనిషి అని ఒప్పుకోనివాళ్ల గురించి.

తర్వాత ఇంకో రకం వచ్చింది. శరీరం మనిషిదే, కానీ లోపల మనిషి మనసు ఉండాల్సిన చోట దైవవాక్యం ఉంది అన్నాడు అపొలినారిస్ అనే బిషప్పు. నాలుగో శతాబ్దం సంగతి. దానికి నజియాంజస్ గ్రెగరీ అనే ఇంకో బిషప్పు ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం: ఆయన దేన్ని తీసుకోలేదో అది బాగుపడలేదు. మనిషి జబ్బు మనసులో కూడా ఉంది. మరి మనసుని వదిలేసి ఒళ్లు మాత్రం తీసుకుంటే మనసుకి వైద్యం ఎవరు చేస్తారు? అందుకే మా నమ్మకంలో ఆయనకి మనిషి శరీరమే కాదు, మనిషి మనసూ ఉంది, భయమూ ఉంది. "జ్ఞానమందు వర్ధిల్లెను" అని లూకా రాశాడు. అంటే నేర్చుకున్నాడు. ఆ దినం, ఆ గడియ కుమారుడికి కూడా తెలియదని మార్కు 13లో ఆయనే అన్నాడు.

మాస్టారు చెప్పిన రామానుజుల మాటకీ మా మాటకీ తేడా ఇక్కడ కనిపిస్తోంది. ఆయన దివ్యద్రవ్యంతో చేసుకున్న శరీరం అన్నారు. మేము మరియమ్మ కడుపులోని మామూలు రక్తమాంసాలు అంటాం, నావీ నీవీ లాంటివే, పాపం ఒక్కటి తప్ప.

సింగరాయకొండ కుర్రోడు · డిసెంబర్ 4, రాత్రి 9:30

టీచర్ గారూ, అయితే "శరీరధారి" అని రాస్తే సరిపోతుందా? బైబిల్లో ఉన్న మాట కాబట్టి ఎవరూ కొట్టేయరు.

పెన్నగట్టు మాస్టారు · డిసెంబర్ 5, ఉదయం 5:45

సరిపోతుందేమో గానీ, ఒక చిన్న చిక్కు చెప్తాను. శరీరధారి అంటే శరీరాన్ని ధరించినవాడు. బట్టలు ధరిస్తాం, నగలు ధరిస్తాం. వేషధారి అన్న మాట కూడా అలా పుట్టిందే. గ్రీకు మూలంలో యోహాను వాడిన క్రియ ధరించడం కాదు, "అయ్యెను" అని. వాక్యము మాంసము అయ్యెను. తెలుగు అనువాదకులకి అది మోటుగా అనిపించి ఉండొచ్చు, లేదా ఇంత పెద్ద మాటకి సంస్కృత సమాసం గౌరవంగా ఉంటుందనుకుని ఉండొచ్చు. ఏదైతేనేం, టీచర్ గారు భయపడుతున్న వేషం వాసన ఆ మాటలోనూ కొంచెం ఉంది.

పోనీ "మనిషయ్యాడు" అందామా? అక్కడ ఇంకో గొయ్యి. పాలు పెరుగయ్యాయి అంటాం. పెరుగయ్యాక పాలు లేవు. దేవుడు మనిషైపోతే ఇక దేవుడు లేడా?

మా వేదాంతంలో ఒకటి ఇంకొకటి కావడానికి రెండు ఉదాహరణలు చెప్తారు. పాలు పెరుగు కావడం ఒకటి, తాడు పాములా కనిపించడం ఒకటి. మొదటిదాంట్లో మార్పు నిజం, రెండోదాంట్లో మార్పు మన కళ్లలో ఉంది. నేను చదివినంతలో క్రైస్తవ సంఘం ఈ రెండూ కాదంటుంది. టీచర్ గారు ఒప్పుకుంటారేమో చూడాలి.

ఒంగోలు గ్రేస్ టీచర్ · డిసెంబర్ 5, ఉదయం 7:20

ఒప్పుకుంటాను మాస్టారూ. పాలు పెరుగు ఉదాహరణ ఇంత బాగా అతుకుతుందని నాకు తట్టలేదు. 451లో కల్సెదోను మహాసభలో కూర్చున్న బిషప్పులు చేసింది కూడా అంతే. ఎలా కుదిరిందో వివరించలేదు. కలిసిపోలేదు, మారిపోలేదు, చీలిపోలేదు, విడిపోలేదు అని నాలుగు "లేదు"లు పెట్టి ఆపేశారు. దేవుడూ పూర్తిగా దేవుడే, మనిషీ పూర్తిగా మనిషే, ఉన్నది మాత్రం ఒక్క యేసే. పెరుగు కాదు, పాము కాదు.

కనిగిరి సుబ్బులు · డిసెంబర్ 5, మధ్యాహ్నం 1:10

నేను మొదట ప్రశ్న సరిగ్గా చదవలేదు నాయనా, ఏమనుకోవద్దు. ఇప్పుడు చదువుతుంటే మా మేనత్త గుర్తొచ్చింది. ఆమె పెళ్లయ్యాక క్రైస్తవంలోకి వెళ్లింది. పోయినేడు చనిపోతే మట్టిలో పెట్టారు. మా నాన్నకి ఆ రోజు పెద్ద బాధ. "అక్కని కాల్చలేదు, ఆ శరీరం అట్టా కట్టేసినట్టు ఉండిపోయిందే" అని ఇంటికొచ్చి ఏడ్చాడు. మా మేనబావ మాత్రం పెట్టె దించేటప్పుడు కుడిచేతి గాజు సర్ది, "లేచేటప్పుడు మా అమ్మ ఇట్టాగే లేస్తది" అన్నాడు. ఒకే మనిషి ఒంటిమీద ఇద్దరికీ అంత వేరే ఆలోచన ఏందా అని నేను అప్పటి నుంచి అనుకుంటున్నా. ఇది మీ మాటలకి సంబంధం ఉందో లేదో నాకు తెలియదు.

పెన్నగట్టు మాస్టారు · డిసెంబర్ 5, సాయంత్రం 6:00

సుబ్బులుగారూ, సంబంధం ఉంది. అసలు ప్రశ్నే మీరు పట్టుకున్నారు. దిగివచ్చినవాడి శరీరం చివరికి ఏమైంది? ఈ ప్రశ్న అడిగితేనే రెండు నమ్మకాలూ ఎక్కడ విడిపోతాయో తెలుస్తుంది.

కృష్ణుడి సంగతి చూడండి. జర అనే బోయవాడు జింక అనుకుని బాణం వేశాడు, పాదానికి తగిలింది. ఇంతవరకు భారతమూ భాగవతమూ ఒకటే. ఆ తర్వాత వేరవుతాయి. భారతం మౌసల పర్వంలో అర్జునుడు ద్వారకకి వచ్చి, బలరాముడి శరీరాన్నీ కృష్ణుడి శరీరాన్నీ వెతికించి, దహనం చేయించాడు. సూటిగా ఉంటుంది ఆ శ్లోకం. భాగవతం పదకొండో స్కంధానికి వస్తే, లోకాన్ని మురిపించిన తన శరీరాన్ని యోగాగ్నితో కాల్చకుండానే స్వధామానికి వెళ్లాడు అని ఉంటుంది. ఒకచోట కాలిన శరీరం, ఇంకోచోట కాలని శరీరం. రెంటినీ కలపడానికి వ్యాఖ్యాతలు పడిన తిప్పలు చదివితే, ఈ శరీరం ప్రశ్న మనవాళ్లని ఎంత వేధించిందో తెలుస్తుంది. రాముడి విషయంలో ఉత్తరకాండ తేల్చి చెప్పింది: సరయులో దిగి, తమ్ముళ్లతో సహా, శరీరంతోనే వైష్ణవ తేజస్సులో ప్రవేశించాడు.

కాలినా కాలకపోయినా ఒకటి మాత్రం అన్నిట్లో ఉంది. పని అయిపోయింది, వచ్చినవాడు వచ్చిన చోటికి తిరిగి వెళ్లాడు. దీనికి మన తెలుగులో మాట కూడా ఉంది. అవతారం చాలించాడు.

బాబూ, నీ ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడ దొరుకుతోంది. తెలుగులో అవతారం ఎత్తడం ఉంటే చాలించడం కూడా ఉంటుంది. ఎత్తినవాడు చాలించాలి. మీ చర్చిలో ఎప్పుడైనా "యేసు అవతారం చాలించాడు" అన్న మాట విన్నావా?

సింగరాయకొండ కుర్రోడు · డిసెంబర్ 5, సాయంత్రం 6:25

వినలేదు మాస్టారూ. అలా అంటే చర్చిలో ఎవరూ ఒప్పుకోరు. చదువుతుంటేనే ఎబ్బెట్టుగా ఉంది. ఆరోహణమయ్యాడు అంటాం.

ఒంగోలు గ్రేస్ టీచర్ · డిసెంబర్ 5, రాత్రి 8:15

ఎబ్బెట్టుగా ఉండటానికి కారణం ఉంది తమ్ముడూ. ఆయన చాలించలేదు గనక.

లూకా చివరి అధ్యాయం తీయి. తిరిగి లేచినవాణ్ణి చూసి శిష్యులు భూతం అనుకుని భయపడ్డారు. ఆయన చేతులూ పాదాలూ చూపించి, పట్టి చూడమన్నాడు, భూతానికి ఎముకలూ మాంసమూ ఉండవు అన్నాడు. అప్పటికీ నమ్మలేకపోతుంటే తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. కాల్చిన చేప ముక్క ఇచ్చారు. వాళ్ల కళ్లముందే తిన్నాడు. ఆ తర్వాత అదే శరీరంతో పైకి వెళ్లాడు. మా నమ్మకం ప్రకారం ఇప్పుడు తండ్రి కుడిపక్కన ఉన్నది శరీరం తీసేసిన దేవుడు కాదు, ఇప్పటికీ మనిషే. ఒకసారి మనిషి అయ్యాక ఇక ఎన్నటికీ మనిషే.

"పది, ఒకటి" అన్న లెక్క కూడా ఇక్కడి నుంచే వస్తుంది వేణుగారూ. ఒక్కసారి చాలు అని హెబ్రీ పత్రిక అన్నది మొండితనంతో కాదు. చాలించనిదాన్ని మళ్లీ ఎత్తడం ఎలా?

సుబ్బులుగారూ, మీ మేనబావ గాజు ఎందుకు సర్దాడో నాకు తెలుసు. యేసు శరీరంతో లేచాడు గనక అమ్మ కూడా శరీరంతో లేస్తుందని. మాలోనూ ఈ రోజుల్లో కాల్చేవాళ్లు ఉన్నారు, దానివల్ల నమ్మకం పోదు. కానీ ఆ సర్దడం మాత్రం ఈ నమ్మకంలోంచే వచ్చింది.

మాలకొండ శనివారం · డిసెంబర్ 6, ఉదయం 10:30

మాస్టారికి నమస్కారం. నా మాట తప్పయితే దిద్దండి. చాలించడం ఒక్కటే మన పద్ధతి అంటే నేను ఒప్పుకోలేను. మా ఇంటిదైవం మాలకొండ లక్ష్మీనరసింహస్వామి. వారంలో శనివారం ఒక్కరోజే గుడి తీస్తారు. తెల్లారకముందే కొండెక్కి లైన్లో నిలబడేవాళ్లం, ఎప్పుడో చాలించి వెళ్లిపోయిన స్వామి కోసమా నిలబడింది?

ఇంకో మాట. నరసింహుడికి తల్లి లేదు, పుట్టుక లేదు, బాల్యం లేదు. స్తంభంలోంచి వచ్చాడు. అంటే అవతారానికి మనిషిగా పుట్టాలనే నియమమే లేదు. మీరు రాముడు, కృష్ణుడు ఇద్దర్నే పెట్టుకుని పోలుస్తున్నారు. మన వైపు జనం మొక్కేది ఎక్కువగా నరసింహుడికి. పెంచలకోన చూడండి, మాలకొండ చూడండి, ఈ తమ్ముడి ఊరి కొండ చూడండి.

పెన్నగట్టు మాస్టారు · డిసెంబర్ 6, మధ్యాహ్నం 12:10

దిద్దాల్సింది నన్నే. వైష్ణవ సంప్రదాయంలో అర్చావతారం అని వేరే చెప్తారు. రాముడిగా, కృష్ణుడిగా వచ్చినది ఆ కాలంలో ఉన్నవాళ్లకే దక్కింది. గుడిలో విగ్రహంగా ఉన్నది మాత్రం ఎప్పుడు వచ్చినవాడికైనా దక్కుతుంది, మన చేతి స్నానానికీ మన చేతి నైవేద్యానికీ లోబడి ఉంటుంది. అది కూడా అవతారమే, అది చాలించడం లేదు. రాముడిలా, కృష్ణుడిలా ఒక కాలంలో వచ్చి వెళ్లినవాటిని విభవావతారాలు అంటారు, నేను వాటి మాట ఒక్కటే చెప్పి మొత్తానికి అంటించాను. అయినా టీచర్ గారి మాటతో పోలిస్తే తేడా ఉంటుంది. మాలకొండ స్వామి మనిషిగా ఉండిపోలేదు. దగ్గరగా ఉండిపోయాడు.

అల్లూరు మరియ · డిసెంబర్ 6, మధ్యాహ్నం 3:40

మేము కథోలికులం. మా పుస్తకాల్లో "మనుష్యావతారం" అన్న మాట మామూలుగానే వాడతారు, ఎవరూ కొట్టేయరు. అవతారం ముందు "మనుష్య" చేర్చి తేడా చూపించారని నేననుకుంటా. మాలకొండ అన్నయ్య చెప్పింది చదివితే నాకు మా దివ్యసత్ప్రసాదం గుర్తొచ్చింది. ఆ అప్పంలో ప్రభువు నిజంగా ఉన్నాడని మా విశ్వాసం. దగ్గరగా ఉండిపోవడం అన్నది మాకూ ఉంది. రెండూ ఒకటి అనడం లేదు, గుర్తొచ్చింది అంతే.

ఆత్మకూరు వేణు · డిసెంబర్ 6, రాత్రి 9:55

నన్ను అందరూ సరిచేశారు, సంతోషం. కానీ నా మాట పూర్తిగా తప్పు కాదని నాకింకా అనిపిస్తోంది. మాస్టారు చెప్పిన ఆ పదకొండో స్కంధమే తీసి చూశాను. కృష్ణుడి పుట్టుకా, వెళ్లిపోవడమూ నటుడు చేసేలాంటి మాయావిడంబనం అని శుకుడు పరీక్షిత్తుతో అంటాడు. "యథా నటస్య" అని స్పష్టంగా ఉంది. వేషం అన్నది నేను కల్పించింది కాదు.

రాముడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు తేలడం లేదు. యుద్ధకాండలో దేవతలు వచ్చి నువ్వు దేవతల్లో శ్రేష్ఠుడివి అంటే, "ఆత్మానం మానుషం మన్యే రామం దశరథాత్మజమ్" అంటాడు. నేను మనిషిననే అనుకుంటున్నాను, దశరథుడి కొడుకు రాముణ్ణి అని. రావణుడు వరం అడిగినప్పుడు మనుషుల్ని లెక్కచేయక వదిలేశాడు కాబట్టి మనిషి చేతిలోనే చావాలి. మరి మనిషిలా నటించేవాడి చేతిలో చస్తే వరం నిలిచినట్టేనా? రాముడు నిజంగా మనిషై ఉండాలి కదా. సీత కోసం చెట్టునీ పుట్టనీ అడుగుతూ ఏడ్చింది నటన అంటే నా మనసు ఒప్పుకోదు. ఇది టీచర్ గారు చెప్పిన "తెలియదు" అన్న మాటకి దగ్గరగా లేదా?

పెన్నగట్టు మాస్టారు · డిసెంబర్ 7, ఉదయం 6:10

వేణుగారూ, ఆ శ్లోకం మీరు పట్టుకురావడం బాగుంది. రాముడి గురించి మీరడిగినదానికి నా దగ్గర ఒక్క జవాబు లేదు. తెలిసీ తెలియనట్టు ఉన్నాడు అనేవాళ్లున్నారు. వరం నిలవాలంటే మనిషితనం నిజం కావాలి అనేవాళ్లున్నారు. వాల్మీకిని ఒక్కణ్ణే చదివితే నాకు రెండోదే బలంగా అనిపిస్తుంది. భక్తుల రామాయణాలు చదివితే మొదటిది.

ఒంగోలు గ్రేస్ టీచర్ · డిసెంబర్ 7, రాత్రి 8:30

దగ్గరే వేణుగారూ. నాకూ అక్కడ గొంతు పట్టేసినట్టయింది. మా వైపు చిక్కు కూడా ఒకటి చెప్పేస్తాను, దాచడం న్యాయం కాదు. "రూపం" అన్న మాట వద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను కదా. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో పౌలు "మనుష్యుల పోలికగా పుట్టి, దాసుని స్వరూపమును ధరించుకొని, తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అని రాశాడు. పోలిక ఉంది, స్వరూపం ఉంది, ధరించడమూ ఉంది. మీ సంఘ పెద్ద ఇది చూపిస్తే నేను కాదనలేను. పోలిక అంటే మిగతా మనుషులందరిలాగే అని అర్థం చెప్తాం. అయినా ఆయన తన్ను ఖాళీ చేసుకున్నాడు అంటే ఏమి వదిలాడు, ఏమి ఉంచుకున్నాడు అన్న దానిమీద మా పండితులు ఇప్పటికీ ఒక మాటమీద లేరు.

సింగరాయకొండ కుర్రోడు · డిసెంబర్ 9, రాత్రి 10:05

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు సంఘ పెద్ద ఇంటికి వెళ్లాను. ఎత్తడం, చాలించడం సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను ఎందుకు కొట్టేశానో నాకు ఇప్పుడు తెలిసింది" అన్నారు. "రూపం" మాట తీయడానికి మాత్రం వెంటనే ఒప్పుకోలేదు, ఫిలిప్పీ పత్రికే చూపించారు, టీచర్ గారు అన్నట్టే. చివరికి ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం: "లోకాన్ని రక్షించడానికి దేవుడు దేవుడుగానే ఉంటూ మనిషి అవుతున్నాడు." డైలాగ్‌గా కొంచెం బరువుగా ఉంది. దేవదూత వేషం వేసేది మూడో తరగతి పాప. రిహార్సల్‌లో మొదటి రెండుసార్లు "దేవుడుగానే" దగ్గర ఆగిపోయింది, మూడోసారి గబగబా చెప్పేసింది.

చెప్పాక ఆ పాపే ఒక ప్రశ్న అడిగింది. ఆయన ఇప్పటికీ మనిషే అయితే, చేతులకి మేకుల గాయాలు ఇప్పటికి మానిపోయి ఉంటాయా అని. నాకు జవాబు రాలేదు. టీచర్ గారిని అడిగి చెప్తానన్నాను.

ఒంగోలు గ్రేస్ టీచర్ · డిసెంబర్ 9, రాత్రి 10:40

పాపకి ఇలా చెప్పు. తిరిగి లేచాక ఎనిమిది రోజులకి తోమాకి చూపించినప్పుడు అవి ఉన్నాయి, వేలు పెట్టి చూడమన్నాడు. యోహాను దర్శనంలో, ప్రకటన గ్రంథం ఐదో అధ్యాయంలో, పరలోకంలో సింహాసనం దగ్గర నిలబడిన గొఱ్ఱెపిల్ల వధించబడినట్టే కనిపించింది. కాబట్టి ఉన్నాయనే చెప్పు. నొప్పి ఉందా అని అడిగితే, లేదని చెప్పు.

కనిగిరి సుబ్బులు · డిసెంబర్ 10, ఉదయం 6:15

ఇది మా నాన్నకి చదివి వినిపించాను. మేనత్త చేతికి కాలిన మచ్చ ఒకటి ఉండేది, చిన్నప్పుడు ఈయన వల్లే పడింది, కుంపటి దగ్గర తోశాడంట. "అయితే అది కూడా ఉంటదా" అని అడిగాడు. టీచర్ గారూ, ఆయనకేం చెప్పమంటారు?

మాలకొండ శనివారం · డిసెంబర్ 10, ఉదయం 8:00

మాస్టారూ, మౌసల పర్వాన్ని తెలుగు చేసింది మన నెల్లూరు తిక్కనే కదా. కృష్ణుడి శరీరం దగ్గర అర్జునుణ్ణి ఆయన ఎలా నిలబెట్టాడో ఆ పద్యం ఉంటే ఇక్కడ పెట్టండి.

పెన్నగట్టు మాస్టారు · డిసెంబర్ 10, ఉదయం 8:35

పుస్తకం అటక మీద ఉంది. మనవడు బడి నుంచి రాగానే దింపించి చూస్తాను.